పరీక్షల సెలవుకి రెండు తేదీలు



సంక్రాంతి వెళ్ళింది. పిండివంటల డబ్బాలు ఖాళీ అవుతున్నాయి. పదో తరగతి పిల్లలున్న ఇళ్ళల్లో ఇప్పుడు ఒకటే మాట: పరీక్షలు. బళ్ళో సాయంత్రం స్టడీ అవర్స్ మొదలయ్యాయి. పిల్ల ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. అప్పుడు అమ్మకి గుర్తొస్తుంది. మంగళవారం, శుక్రవారం సంగీతం క్లాసు ఉంది కదా. లేకపోతే కూచిపూడి క్లాసు ఉంది కదా. దాని సంగతేమిటి?

పరీక్షలయ్యేదాకా మానిపిద్దాం అని ఇంట్లో అనుకుంటారు. అనుకోవడం రెండు నిమిషాల పని. ఆ మాట గురువుగారికి చెప్పడమే పెద్ద పనైపోతుంది. ఎవరు చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి? ఏమనాలి? ఇవాళ ఈ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

ముందుగా అసలు మాట చెప్పేస్తాను. గురువుగారికి రెండు తేదీలు చెప్పండి. ఏ రోజు నుంచి రాదో ఒక తేదీ. మళ్ళీ ఏ రోజు వస్తుందో ఇంకో తేదీ. మనం ఊరెళ్ళేటప్పుడు పాలబ్బాయికి ఏం చెప్తాం? "ఫలానా రోజు నుంచి పాలు వద్దు, ఫలానా రోజు పొద్దున మళ్ళీ పొయ్యి" అంటాం. ఉత్తినే "రేపట్నుంచి వద్దు" అంటే, వీళ్ళు వాడిక మానేశారనుకుని ఆ పాలు ఇంకో ఇంటికి ఒప్పుకుంటాడు. పాలబ్బాయికి చెప్పే ఆ రెండో తేదీని గురువుగారి దగ్గర మాత్రం మింగేస్తాం.

ఆ రెండో తేదీ ఎందుకంత ముఖ్యమో చెప్తాను. సంగీతం, నాట్యం నేర్పేవాళ్ళు పదో తరగతి పిల్లల్ని ఏటా చూస్తుంటారు. పరీక్షలని వెళ్తారు. పరీక్షలవుతాయి. సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్తారు. ఆ తర్వాత ఇంటర్. చాలామందికి హాస్టల్ ఉన్న కాలేజీ. ఇక సంగీతం ఊసుండదు. అయిదారేళ్ళు కూర్చోబెట్టి నేర్పిన పిల్ల, మళ్ళీ కనిపించేది ఏ పెళ్ళిలోనో. అందుకని మీరు "పరీక్షల వరకూ కాస్త సెలవండీ" అంటే, వాళ్ళకి వినిపించేది "ఇక సెలవు" అని. వాళ్ళ మొహం అందుకే కాస్త చిన్నబోతుంది. మనమేమో "ఈవిడకి చదువంటే లెక్కలేదు" అనుకుంటాం. ఆవిడకి లెక్కలేనిది చదువు కాదు. మీ పిల్ల తిరిగొస్తుందన్న నమ్మకం ఆవిడకి లేదు. అంతే.

సరే. ఎప్పుడు చెప్పాలి? ఇప్పుడే. పరీక్షలు మార్చిలో కదా, ఫిబ్రవరి ఆఖర్లో చెప్దాంలే అనుకోకండి. ఎందుకో ఒక పాఠం పెట్టి చూద్దాం.

మీ అమ్మాయి గాత్రం నేర్చుకుంటోంది అనుకోండి. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, ఇవన్నీ అయ్యాయి. ఇప్పుడు ఆది తాళంలో ఒక వర్ణం మొదలుపెట్టారు. వర్ణానికి రెండు సగాలుంటాయి. మొదటి సగంలో పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం. రెండో సగంలో చరణం, దాని వెంట వరసగా చరణ స్వరాలు. ఒక్కో స్వరం పాడి మళ్ళీ చరణం ఎత్తుకోవాలి. ఇదంతా రెండు కాలాల్లో రావాలి.

మీరు ఏమీ చెప్పలేదు. గురువుగారు తన పద్ధతిలో తాను వెళ్తున్నారు. ఫిబ్రవరి ఆఖరుకి చరణంలోకి వచ్చారు. రెండు చరణ స్వరాలు చెప్పారు. మూడోది సగం చెప్పారు. అప్పుడు మీ దగ్గర్నుంచి ఫోను. "రేపట్నుంచి రాదండీ, పరీక్షలు." పిల్ల చేతిలో మిగిలింది సగం స్వరం. ఆ పిల్లకి పాట మీద ఇష్టం ఉంటే ఇంకా ఇబ్బంది. చదివి చదివి విసుగేసినప్పుడు ఆ సగం స్వరాన్నే పాడుకుంటుంది. పుస్తకంలో స్వరం రాసుంటుంది గానీ గమకం రాసుండదు. అది గురువు నోటి నుంచి వినాల్సిందే. విన్నది సగమే కాబట్టి, మిగతాది తనకి తోచినట్టు కలుపుకుంటుంది. నెల రోజులు అలాగే పాడితే గొంతు ఆ దారికే అలవాటు పడుతుంది. ఏప్రిల్లో గురువుగారు ముందు ఆ అలవాటు వదిలించాలి. తర్వాత మళ్ళీ చెప్పాలి. సంగీతం చెప్పేవాళ్ళెవర్నైనా అడగండి. కొత్త పాఠం చెప్పడానికి జంకరు. తప్పు పట్టుబడ్డ పాఠాన్ని దిద్దడమంటేనే వాళ్ళకి నీరసం.

ఇప్పుడు అదే విషయం జనవరి నెల సగంలో చెప్పారనుకోండి. మార్చి 1 నుంచి రాదన్నారు. అంటే చేతిలో ఆరు వారాలున్నాయి. వారానికి రెండు క్లాసులు. మొత్తం పన్నెండు. గురువుగారు వెంటనే లెక్కేసుకుంటారు. ఈ పన్నెండు క్లాసుల్లో ముక్తాయి స్వరం దాకా గట్టిగా చెప్పేస్తాను, చరణం ముట్టుకోను అనుకుంటారు. ముక్తాయి స్వరం పాడి పల్లవి ఎత్తుకుంటే అక్కడికి ఒక అంకం అయినట్టే. చక్కగా ఆగొచ్చు. లేదూ, పిల్ల ఇప్పటికే అలిసిపోయి వస్తోందనిపిస్తే, కొత్తదేదీ ఎత్తుకోకుండా పాత గీతాలు, స్వరజతులు తిరగేయిస్తారు. ఏది చేసినా, పిల్ల ఒక పూర్తైన పాఠంతో ఇంటికెళ్తుంది. మీరు ముందుగా చెప్పినందువల్ల దొరికింది అదీ.

నాట్యంలో అయితే తొందర ఇంకా ఎక్కువ. ఎందుకంటే అక్కడ మీ పిల్ల ఒక్కత్తే కాదు. పరీక్షల కాలమూ, కార్యక్రమాల కాలమూ ఒకేసారి వచ్చిపడతాయి. 2025 సంగతి చూడండి. పదో తరగతి పరీక్షలు ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 17న మొదలయ్యాయి. తెలంగాణలో మార్చి 21న. ఆ ఏడు ఉగాది మార్చి 30న వచ్చింది. శ్రీరామనవమి ఏప్రిల్ 6న. ఉగాదికి ఏదో ఒక సంస్థ వాళ్ళు పిలుస్తారు. నవమి పందిట్లో పిల్లల చేత ఒక అంశం చేయించమని ఇంకొకరు అడుగుతారు. నాట్యం టీచర్‌గారు ఆ కార్యక్రమాలకి జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పిల్లల్ని ఎంచుకుంటారు.

ఆరుగురు అమ్మాయిల బృందం అనుకోండి. ఎవరు ముందు వరసలో, ఎవరు వెనక, ఎవరు ఎటునుంచి ఎటు దాటాలి, అంతా ఆరుగురికీ సరిపోయేలా కూర్చి ఉంటారు. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. వారం ముందు ఒకమ్మాయి రాదంటే, అటువైపు ఇద్దరే మిగులుతారు. ఆ అమ్మాయితో జోడీగా చేసే ఇంకో అమ్మాయి నడక కూడా మార్చాలి. ఆహార్యం కొలతలిచ్చి కుట్టిస్తే అది వేరే పిల్లకి పట్టదు. ఇవన్నీ వారంలో సర్దాలి. అదే నెలన్నర ముందు చెప్తే, టీచర్‌గారు ఐదుగురితోనే కూర్చుకుంటారు. లేదా చిన్న తరగతి పిల్లనొకదాన్ని తెచ్చి నేర్పిస్తారు. ఇందులో ఒక చేదు కూడా ఉంది. ముందు చెప్తే మీ అమ్మాయి ఆ కార్యక్రమంలో ఉండదు. ముందు వరసలో చోటు ఇంకొకరికి వెళ్తుంది. ఏప్రిల్లో తిరిగొచ్చాక "నా చోటు నాకివ్వండి" అంటే కుదరదు. ఈ మాట పిల్లకి ఇంట్లోనే చెప్పి ఉంచండి. ఆ చోటు పోతుందని భయపడే చాలామంది ఆఖరిదాకా దాస్తారు. దాచి రెండూ చెడగొట్టుకుంటారు.

ఇక ఎలా చెప్పాలి? నా అభిప్రాయం, వెళ్ళి చెప్పాలి. మెసేజ్ పెట్టి ఊరుకోవడం బాగుండదు. ఏళ్ళ తరబడి పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్న మనిషికి ఫోన్లో రెండు ముక్కలు రాసి పడేస్తే మనసు కష్టపడుతుంది. క్లాసు అయ్యాక, మిగతా పిల్లలు వెళ్ళాక, ఒక పది నిమిషాలు కూర్చోండి. పిల్లని కూడా ఉండనివ్వండి. పిల్ల వెనక చెప్తే, పిల్ల తప్పించుకుంటోందేమో అని టీచర్‌గారికి అనుమానం. పిల్ల ఒక్కదాని చేతే చెప్పిస్తే, పెద్దవాళ్ళకి తెలుసో లేదో అని ఇంకో అనుమానం.

ఒక అమ్మా, ఒక టీచర్‌గారూ మాట్లాడుకుంటున్నారు, వినండి.

"టీచర్‌గారూ, ఒక్క పది నిమిషాలు మాట్లాడాలండీ. దీనికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. మార్చి 1 నుంచి క్లాసుకి పంపలేనండీ. పరీక్షలు ఏప్రిల్ మొదట్లో అయిపోతాయి. ఏప్రిల్ 6 నుంచి మళ్ళీ మామూలుగా వస్తుంది. ఫిబ్రవరి ఆఖరు దాకా మాత్రం ఒక్క క్లాసు కూడా మాననివ్వను."

"మార్చి సంగతి ఇప్పుడే చెప్తున్నారేమిటమ్మా?"

"ఇప్పుడు చెప్తే మీరు పాఠం ఎక్కడ ఆపాలో చూసుకుంటారని."

"నెలపైన పూర్తిగా మానేస్తే గొంతు బిగుసుకుపోతుందమ్మా. వారానికి ఒక్కరోజైనా పంపకూడదూ?"

ఇక్కడ కాస్త ఆగుదాం. చాలామంది టీచర్లు ఈ మాట అడుగుతారు. అడగడం న్యాయమే. దీనికి మనకి అలవాటైన జవాబొకటుంది. "వీలైతే పంపిస్తామండీ." ఆ జవాబు మాత్రం ఇవ్వకండి. మీరు మర్యాదకి అన్నారు. ఆవిడ ఆదివారం పొద్దున మీకోసం అరగంట అట్టేపెట్టి కూర్చుంటుంది. నాలుగు ఆదివారాలు అలా అయితే, ఐదో ఆదివారం మీ మీద చిరాకు వస్తుంది. పంపగలిగితే పంపుతానని చెప్పండి. పంపలేకపోతే పంపలేనని చెప్పండి. ఈ అమ్మ ఏమందో చూడండి.

"పరీక్షలు మొదలయ్యేదాకా, అంటే మార్చిలో మొదటి రెండు ఆదివారాలు, అరగంట పంపుతానండీ. పరీక్షలు మొదలయ్యాక పంపలేను. ఇంట్లో మాత్రం రోజూ పావుగంట పాడిస్తాను. ఏం పాడాలో మీరే చెప్పండి."

చివర్లో ఆవిడ అడిగిన ఆ ఒక్క మాట చాలా పని చేస్తుంది. ఆ పావుగంటలో ఏం చెయ్యాలో మీరు నిర్ణయించకండి, గురువుగారిని అడగండి. సాధారణంగా వాళ్ళు చెప్పేది తేలికగానే ఉంటుంది. శ్రుతి పెట్టుకుని సరళీస్వరాలు, జంటస్వరాలు. ఆ తర్వాత బాగా వచ్చిన గీతమో స్వరజతో ఒకటి. సగంలో ఉన్న పాఠం ముట్టుకోవద్దు అంటారు. వీణ నేర్చుకునే పిల్లలకి పావుగంట ఇంకా అవసరం. ఎడమచేతి వేళ్ళ చివర్లు తీగమీద నడిచి నడిచి కాయలు కాసి ఉంటాయి. నెల రోజులు పూర్తిగా మానేస్తే ఆ కాయలు మెత్తబడిపోతాయి. మళ్ళీ మొదలుపెట్టిన రోజు వేళ్ళు మండుతాయి. నాట్యం పిల్లలకి అరమండి సంగతీ అంతే. తొడల్లో పట్టు తగ్గుతుంది. రోజూ కాసేపు అరమండిలో కూర్చుని తేలిక అడవులు నాలుగు వేస్తే ఆ పట్టు నిలబడుతుంది. పరీక్షల ముందు గెంతులు, మోకాళ్ళ మీద చేసేవి మాత్రం వద్దు. మడమ బెణికితే పరీక్ష హాలుకి కుంటుకుంటూ వెళ్ళాలి.

ఇప్పుడు ఎవరూ నోరెత్తని సంగతికి వస్తాను. ఫీజు.

ఇది మీరే ముందు ఎత్తండి. ఎందుకంటే టీచర్‌గారు ఎత్తలేరు. వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బడి పిల్లలే. పరీక్షలు చాలామందికి దాదాపు ఒకేసారి. మీ పిల్ల ఒక్కత్తే మానేస్తే ఫరవాలేదు. కానీ మార్చిలో సగం చాపలు ఖాళీ అవుతాయి. ఇంటి అద్దె మాత్రం మార్చిలో కూడా కట్టాలి కదా. ఇంట్లో పాఠాలు చెప్పుకుని బతికే వాళ్ళకి ఆ నెల గడవడం కష్టం.

మరి ఎంత ఇవ్వాలి? దీనికి ఒక నియమం లేదు. పది మందితో కలిసి కూర్చునే క్లాసైతే, రాని నెలకి చాలామంది ఇవ్వరు. గురువులూ అడగరు. ఇచ్చేవాళ్ళని నేను మెచ్చుకుంటాను గానీ, ఇవ్వనివాళ్ళని తప్పుపట్టను. మీ పిల్లకి విడిగా ఒక గంట కేటాయించి చెప్తున్నారనుకోండి, లేదా మాస్టారు మీ ఇంటికే వచ్చి చెప్తున్నారనుకోండి. అప్పుడు లెక్క వేరు. మంగళవారం ఆరు గంటల సమయం మీది. ఆ గంటని మీకోసం నెలపైన ఖాళీగా ఉంచమంటున్నారు. ఉంచాలంటే సగం ఫీజైనా ఇవ్వడం న్యాయం. ఇవ్వలేకపోతే ఆ గంట వదిలేయండి. "ఈలోగా ఎవరైనా వస్తే ఇచ్చెయ్యండి మాస్టారూ. ఏప్రిల్లో మీకు ఏ టైము ఖాళీ ఉంటే ఆ టైముకి సర్దుకుంటాం" అని చెప్పండి. ఈ రెంటిలో ఏదైనా మర్యాదే. గంట అట్టేపెట్టుకుని డబ్బు ఎగ్గొట్టడం మాత్రం మర్యాద కాదు.

పాత బాకీ ఏమైనా ఉంటే సెలవు మొదలయ్యే లోపే తీర్చేయండి. ఇది డబ్బు గురించి మాత్రమే చెప్పడం లేదు. రెండు నెలల ఫీజు బాకీ ఉన్న ఇంటివాళ్ళు ఏప్రిల్లో మళ్ళీ ఆ గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడతారు. ఇవాళ కాదు రేపు అనుకుంటారు. చివరికి పిల్ల సంగీతం అక్కడితో ఆగిపోతుంది. పరీక్షల వల్ల ఆగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. అసలు ఆపింది బాకీ.

మాట్లాడి ఇంటికొచ్చాక, అప్పుడు మెసేజ్ పెట్టండి. అదే మాట రాసి పెట్టడమన్నమాట. టీచర్‌గారికి ముప్ఫైమంది పిల్లలుంటే ముప్ఫై రకాల తేదీలు. మీ తేదీ గుర్తుండాలని లేదు. ఇలా రాస్తే చాలు. "టీచర్‌గారికి నమస్కారం. ఇవాళ అనుకున్నట్టు, మా అమ్మాయి మార్చి 1 నుంచి మామూలు క్లాసులకి రాదు. మార్చిలో మొదటి రెండు ఆదివారాలు పొద్దున అరగంట వస్తుంది. ఏప్రిల్ 6 నుంచి యథాప్రకారం వస్తుంది. ఫిబ్రవరి దాకా ఫీజు ఇచ్చేశాం." మళ్ళీ చెప్తున్నాను. పోయే తేదీ, వచ్చే తేదీ. రెండూ ఉండాలి. పరీక్షల తేదీలు మారితే ఒక్క ముక్క మళ్ళీ రాయండి. "పరీక్ష నాలుగు రోజులు వెనక్కి వెళ్ళింది, 10న వస్తుంది" అని.

ఇలా చెప్పని ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. మొదటి వారం జ్వరం అంటారు. రెండో వారం చుట్టాలు అంటారు. మూడో వారం ఫోనెత్తరు. ఆ మూడో వారంలోనే మేనమామ పెళ్ళిలో పిల్ల పట్టులంగా ఫోటో స్టేటస్‌లో పెడతారు. టీచర్‌గారి దగ్గర కూడా ఫోనుంటుంది. ఆవిడ ఏమీ అనరు. ఏప్రిల్లో పిల్ల వెళ్తే రమ్మనే అంటారు. కానీ ఆ తర్వాత మీ పిల్లకి నిజంగా జ్వరం వచ్చినా ఆవిడ నమ్మరు.

ఇక్కడ ఇంకో కష్టమైన సంగతుంది. పది అయ్యాక మీ అమ్మాయిని హాస్టల్లో వేస్తున్నారా? ఆ నిర్ణయం ఇప్పటికే అయిపోయిందా? అయితే అది కూడా ఇప్పుడే చెప్పేయండి. "ఏప్రిల్ 6న వస్తుందండీ. కానీ కాలేజీ తెరిచేదాకానే. ఆ తర్వాత సెలవులకి వచ్చినప్పుడు మాత్రమే" అని. చెప్పడానికి మనసొప్పదు, నాకు తెలుసు. కానీ అది తెలిస్తే గురువుగారు వేసవి పాఠాలని వేరేగా చూస్తారు. కొత్త వర్ణం ఎత్తుకోరు. ఉన్న వర్ణం చరణ స్వరాలతో సహా పూర్తి చేస్తారు. హాస్టల్ గదిలో శ్రుతి పెట్టె లేకుండా కూడా పాడుకోగలిగేవి రెండు చిన్న కీర్తనలు చెప్తారు. నాట్యం టీచర్‌గారైతే ఒక్కత్తే చేసుకోగల చిన్న అంశం ఒకటి పూర్తి చేయిస్తారు. ఆ పిల్ల రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టినా మొదలుపెట్టకపోయినా, చేతిలో పూర్తిగా వచ్చినవి కొన్ని ఉంటాయి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ పిల్లలు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న గురువుల దగ్గర ఆన్‌లైన్లో నేర్చుకుంటున్నారు. వాళ్ళకైతే ఈ మాట ఇంకా అవసరం. అమెరికాలో హైస్కూలు పిల్లల పెద్ద పరీక్షలు కొన్ని మే నెలలో వస్తాయి. ఇక్కడ మేలో వేసవి సెలవులు. గురువుగారికి అక్కడి పరీక్షల కాలం ఎప్పుడో తెలియదు. మీ పిల్ల కోసం తెల్లవారుజామున లేచి తెర ముందు కూర్చుంటారు. చెప్పకపోతే ఆ తెల్లవారుజాము వృథా.

చివరిగా ఏప్రిల్ 6 గురించి. ఆ రోజు మీరు చెప్పిన తేదీ. ఏం చేసైనా ఆ రోజు పంపండి. పరీక్షలు అయిపోయాయి కదా, వారం రోజులు పడుకోనీ అనిపిస్తుంది. పడుకోవాలంటే సెలవు తేదీ పెట్టినప్పుడే ఆ వారం కలుపుకోండి. మొదటి క్లాసులో గొంతు పైషడ్జం అందుకోదు, అడుగు తాళానికి ముందో వెనకో పడుతుంది. పిల్ల మొహం మాడ్చుకుని ఇంటికొస్తుంది. కంగారు పడకండి. రోజూ పావుగంట చేసిన పిల్ల రెండు మూడు వారాల్లో దారిలో పడుతుంది. అస్సలు చెయ్యని పిల్లకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఆ వారాల్లో టీచర్‌గారు కొత్త పాఠం మొదలుపెట్టలేదేమని అడగకండి. ఫలితాలు వచ్చిన రోజు మాత్రం, మార్కులు ఎన్నైనా సరే, చుట్టాలకి ఫోన్లు చేసే వరసలో టీచర్‌గారి పేరు కూడా పెట్టుకోండి.